ఒకే సీసా నీళ్ళు, రెండు అంకెలు: ఎంపీఎన్ 22, మెంబ్రేన్ ఫిల్టర్ 9. రిపోర్టులో ఏది రాయాలి?

ప్రశ్న: "బోరు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఎక్కించి, క్లోరిన్ కలిపి ఊరికి వదిలే నీళ్ళ శాంపిల్ మా ల్యాబ్‌కి వచ్చింది. కోలిఫాం బాక్టీరియా ఎన్ని ఉన్నాయో చూడటానికి ఒకే సీసా నుంచి రెండు పరీక్షలూ పెట్టాం. లారిల్ ట్రిప్టోస్ బ్రాత్‌లో ఐదేసి ట్యూబులు పెడితే 10 మి.లీ. ట్యూబుల్లో 4, 1 మి.లీ. ట్యూబుల్లో 2, 0.1 మి.లీ. ట్యూబుల్లో 0 పాజిటివ్. ఎంపీఎన్ టేబుల్‌లో చూస్తే 22. అవే నీళ్ళు 100 మి.లీ. వడగట్టి ఎం-ఎండో మీద పెడితే మెరిసే కాలనీలు 9. ఏ పరీక్షలో తప్పు జరిగింది? రిపోర్టులో ఏది రాయాలి?"

జవాబు:

రెండింట్లోనూ తప్పు జరగకపోయి ఉండొచ్చు. మీ దగ్గరున్న 22, 9 రెండూ ఇంకా నిర్ధారణ కాని అంకెలు, అంటే ప్రిజంప్టివ్ దశలోవి. నిర్ధారణ చేశాక వాటిని పక్కపక్కన పెట్టి చూడండి, తేడా చాలావరకు కరిగిపోతుంది. ఇంకో మాట. ఈ నీళ్ళు తాగొచ్చా లేదా అన్నది ఈ రెండు అంకెల్లో ఏదీ చెప్పదు. 100 మి.లీ.లో ఈ.కోలై ఉందా లేదా అన్నది చెబుతుంది. ఆ పరీక్ష మీరు ఇంకా పెట్టినట్టు లేదు.

ముందు 22 సంగతి చూద్దాం. ఎంపీఎన్‌లో మనం బాక్టీరియాని లెక్కపెట్టడం లేదు. ఎన్ని ట్యూబులు ఖాళీగా మిగిలాయో చూసి, అన్ని ఖాళీగా మిగలాలంటే నీళ్ళలో ఎన్ని ఉండి ఉంటాయో వెనక్కి లెక్క కడుతున్నాం. 100 మి.లీ.కి 22 ఉన్నాయనుకుంటే ఒక్కో 10 మి.లీ. ట్యూబులోకి సగటున 2.2 కణాలు పడతాయి. ఒక్కటి కూడా పడకుండా ఉండే అవకాశం సుమారు 11 శాతం. కాబట్టి 5 ట్యూబుల్లో 4 లేదా 5 పాజిటివ్ కావాలి. ఇప్పుడు నిజంగా ఉన్నవి 11 మాత్రమే అనుకోండి. ట్యూబుకి సగటున 1.1 కణాలు, ఖాళీగా మిగిలే అవకాశం 33 శాతం, పాజిటివ్ అయ్యేవి 3 లేదా 4. చూశారా, నీళ్ళలో బాక్టీరియా రెట్టింపైనా 10 మి.లీ. వరసలో తేడా ఒక్క ట్యూబు. 5 ట్యూబుల పద్ధతి అంతకంటే సూక్ష్మంగా చూడలేదు. అందుకే టేబుల్‌లో 22 పక్కనే 95 శాతం పరిధి కూడా ఇస్తారు, అది సుమారు 7 నుంచి 50 దాకా ఉంటుంది. రిపోర్టు రాసేటప్పుడు చాలామంది ఆ రెండు గడులూ చూడరు.

టేబుల్ చేతిలో లేకపోతే థామస్ సూత్రంతో సరిచూసుకోవచ్చు. పాజిటివ్ ట్యూబుల సంఖ్యని 100తో గుణించి, నెగటివ్ ట్యూబుల్లో పోసిన మొత్తం నీళ్ళనీ, అన్ని ట్యూబుల్లో కలిపి పోసిన మొత్తం నీళ్ళనీ గుణించి, దాని వర్గమూలంతో భాగించాలి. మీ విషయంలో పాజిటివ్‌లు 6. నెగటివ్‌ల్లో ఉన్న నీళ్ళు 10 మి.లీ. ఒకటి, 1 మి.లీ. మూడు, 0.1 మి.లీ. ఐదు, కలిపి 13.5 మి.లీ. మొత్తం పోసినవి 55.5 మి.లీ.

```
600 ÷ √(13.5 × 55.5) = 600 ÷ 27.4 = 21.9
```

మీరు టేబుల్ సరిగ్గానే చూశారు. ఈ లెక్కలోని 55.5ని గుర్తుంచుకోండి, దాంతో ఇంకో పెద్ద పని ఉంది.

ఇక నిర్ధారణ. లారిల్ ట్రిప్టోస్ బ్రాత్‌లో గ్యాస్ వచ్చినంత మాత్రాన అది కోలిఫాం కాదు. బోరు నీళ్ళలో, ట్యాంకు గోడల జిగురులో ఉండే ఏరోమోనాస్ కూడా లాక్టోజ్‌ని పులియబెట్టి గ్యాస్ ఇవ్వగలదు. మీ ల్యాబ్‌లో ఎప్పుడైనా మాకాంకీ బ్రాత్ వాడితే, బీజాలు కట్టే గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా కూడా ఒక్కోసారి అలాగే మోసం చేస్తాయి. అందుకని గ్యాస్ వచ్చిన ప్రతి ట్యూబు నుంచీ, మెల్లగా కదిపి, 3 మి.మీ. లూపుతో ఒక్కో లూపు తీసి రెండింటిలో వేయాలి. ఒకటి బ్రిలియంట్ గ్రీన్ లాక్టోజ్ బైల్ బ్రాత్, 35 డిగ్రీల దగ్గర 48 గంటల వరకు. రెండోది ఈసీ బ్రాత్, 44.5 డిగ్రీల వాటర్ బాత్‌లో 24 గంటలు. 24 గంటలకి పాజిటివ్ అయిన వాటిని అప్పుడే మార్చేయండి, మిగతావి 48 గంటలకి చూసి మార్చండి. అన్నీ కలిపి 48 గంటలకి ఒకేసారి చేద్దామని కూర్చుంటే, ముందే పెరిగిన ట్యూబుల్లో ఆమ్లం ఎక్కువై కోలిఫాంలు కొన్ని చచ్చిపోతాయి.

మీ 6 ట్యూబులూ ఇలా తేలాయనుకుందాం. బ్రిలియంట్ గ్రీన్‌లో 10 మి.లీ. వాటిలో 3, 1 మి.లీ. వాటిలో 1 మాత్రమే గ్యాస్ ఇచ్చాయి. అప్పుడు కోడ్ 3-1-0, ఎంపీఎన్ 11. ఈసీ బ్రాత్‌లో ఒక్క 10 మి.లీ. ట్యూబు నుంచి వచ్చింది మాత్రమే గ్యాస్ ఇచ్చింది. కోడ్ 1-0-0, ఎంపీఎన్ 2. అటువైపు మెంబ్రేన్ మీద మెరిసిన 9 కాలనీలనీ ఒక్కొక్కటిగా సూదితో ఎత్తి లారిల్ ట్రిప్టోస్ లోనూ బ్రిలియంట్ గ్రీన్ లోనూ వేస్తే, రెండింట్లోనూ గ్యాస్ ఇచ్చినవి 7. అప్పుడు మెంబ్రేన్ లెక్క 100 మి.లీ.కి 7. ఇప్పుడు పోల్చండి, 11, 7. ప్లేటు మీది లెక్కకి కూడా పరిధి ఉంటుంది. 9 కాలనీలు లెక్కపెట్టామంటే అసలు సాంద్రత 4 నుంచి 17 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, యాదృచ్ఛికంగా పడే కణాల లెక్క అలాగే ఉంటుంది. 11కీ 7కీ మధ్య తేడా ఉందని ఎవరూ నిరూపించలేరు. ఒకే నీళ్ళకి ఎంపీఎన్ కాస్త ఎక్కువే చూపిస్తుందన్నది కూడా మనసులో పెట్టుకోండి. ఆ గణిత సూత్రంలోనే పైకి లాగే గుణం కొంచెం ఉంది, ట్యూబులు తక్కువైతే ఆ లాగుడు ఎక్కువవుతుంది.

అయితే నిర్ధారణ తర్వాత కూడా మెంబ్రేన్ 2, ఎంపీఎన్ 50 లాంటి తేడా మిగిలితే అది గణితం కాదు, పనిలో లోపం. నా ఉద్దేశంలో క్లోరిన్ కలిసిన బోరు నీళ్ళలో ముందు అనుమానించాల్సింది మెంబ్రేన్ వైపే. క్లోరిన్ తాకి చావకుండా దెబ్బతిన్న కణాలు నీళ్ళలో ఉంటాయి. ట్యూబులో పోషకాల ద్రవంలో వాటికి కోలుకునే సమయం దొరుకుతుంది, 48 గంటలు ఇస్తున్నాం కదా. ఎం-ఎండో మీద ఆ అవకాశం తక్కువ. అందులోని బేసిక్ ఫుక్సిన్, సల్ఫైట్, డీఆక్సీకోలేట్ దెబ్బతిన్న కణాలని ముందే అణిచేస్తాయి. క్లోరిన్ నీళ్ళకి ఒక ఉపాయం ఉంది. వడగట్టిన ఫిల్టర్‌ని ముందు లారిల్ ట్రిప్టోస్ బ్రాత్‌తో తడిపిన ప్యాడ్ మీద 35 డిగ్రీల దగ్గర ఒకటిన్నర నుంచి 2 గంటలు ఉంచి, ఆ తర్వాత ఎం-ఎండో మీదికి మార్చండి. తేడా తగ్గితే కారణం దొరికినట్టే.

రెండో అనుమానం ఇనుము. చాలా బోర్ల నీళ్ళు పైకి తేటగా వచ్చి, గాలి తగలగానే ఎర్రటి గసి కడతాయి. 100 మి.లీ. వడగట్టేసరికి తెల్లని ఫిల్టర్ మీద గోధుమరంగు పొర పడుతుంది. దాని కింద కాలనీలు చదునుగా పాకిపోతాయి, మెరుపు కనిపించదు. వడకట్టడానికి ఎప్పటికంటే ఎక్కువ సేపు పట్టినా, ఫిల్టర్ మీద రంగు కనిపించినా అదే లక్షణం. అప్పుడు 100 మి.లీ.ని 50 చొప్పున రెండు ఫిల్టర్ల మీదో, 25 చొప్పున నాలుగింటి మీదో వడగట్టి కాలనీలు కలపండి. కలిపిన మొత్తం 100 మి.లీ.దే కాబట్టి ఫలితం మారదు. నీళ్ళు ఇంకా బురదగా ఉంటే ట్యూబులే నయం. మెంబ్రేన్ వేగంగా పని అవుతుందన్న ఒక్క కారణంతో దాన్ని అన్ని నీళ్ళకీ రుద్దడం మంచిది కాదు.

మూడోది గుంపు. ఎం-ఎండో మీద మెరిసేవే కాదు, మెరవని ఎరుపు, గులాబీ, తెలుపు కాలనీలు కూడా లెక్కపెట్టి రాసుకోండి. అన్నీ కలిపి 200 దాటితే మెరిసేవాటి లెక్క నమ్మదగినది కాదు, మిగతావి చోటు ఆక్రమించి మెరుపుని మింగేస్తాయి. అలాంటి ప్లేటుని లెక్కించకుండా, తక్కువ నీళ్ళతో మళ్ళీ పెట్టండి. మెరిసేవి 20 నుంచి 80 మధ్య ఉంటే లెక్క నమ్మకంగా ఉంటుంది. తాగునీటిలో అన్ని రావు, రాకూడదు కూడా. కాబట్టి మీ 9ని 9 గానే రాయాలి, తక్కువ అని వదిలేయకూడదు.

మెంబ్రేన్ పని చేసే విధానంలో నేను పట్టుపట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. ఫిల్టర్ 47 మి.మీ. వ్యాసం, 0.45 మైక్రాన్ రంధ్రం, గీతలున్నది. ఫోర్సెప్స్‌ని ఆల్కహాల్‌లో ముంచి మంటలో కాల్చి, చల్లారాక ఫిల్టర్‌ని అంచున పట్టుకోవాలి. గీతల వైపు పైకి ఉండాలి. నీళ్ళు మొత్తం దిగాక, పంపు ఆపకముందే ఫన్నెల్ లోపలి గోడల చుట్టూ 20 నుంచి 30 మి.లీ. స్టెరైల్ బఫర్ నీళ్ళు మూడుసార్లు పోసి కడగాలి. గోడలకి అంటుకున్న కణాలు ఫిల్టర్ మీదికి దిగేది ఈ కడుగుడుతోనే. దీన్ని ఒక్కసారితో సరిపెట్టే ల్యాబ్‌లో లెక్కలు తక్కువొస్తాయి, తర్వాతి శాంపిల్‌లో పాత శాంపిల్ బాక్టీరియా కనిపిస్తాయి. ఫిల్టర్‌ని మీడియం మీద పెట్టేటప్పుడు ఒక అంచు ముందు ఆనించి మెల్లగా దొర్లించినట్టు పరవాలి. కింద గాలి బుడగ చిక్కితే అక్కడ మీడియం అందదు, ఆ మేరకి ఫిల్టర్ మీద తెల్లని మచ్చలా ఖాళీ కనిపిస్తుంది. అలా కనిపిస్తే వెంటనే ఆ అంచు ఎత్తి మళ్ళీ పరవండి. ప్లేటు తిరగేసి 35 డిగ్రీల దగ్గర 22 నుంచి 24 గంటలు ఉంచండి. 10 నుంచి 15 రెట్లు పెద్దగా చూపే మైక్రోస్కోపు కింద, ఫిల్టర్‌కి దాదాపు నిట్టనిలువుగా పైనుంచి తెల్లని వెలుతురు పడేలా చూసుకుని లెక్కపెట్టండి. ఆకుపచ్చ బంగారు రంగు మెరుపు కాలనీ మొత్తం ఉండక్కర్లేదు, మధ్యలో చుక్కలా ఉన్నా, అంచున ఉన్నా అది లెక్కలోదే. పక్కనుంచి పడే వెలుతురులో సగం మెరుపులు కంటికి అందవు. ఎం-ఎండోని వెలుతురు పాడుచేస్తుంది కాబట్టి తయారుచేసినప్పటి నుంచీ చీకట్లో, ఫ్రిజ్‌లో ఉంచాలి. దాన్ని మరిగే వరకు వేడి చేస్తే చాలు, ఆటోక్లేవు చేయకూడదు.

రోజు మొదట్లో ఒకటి, చివర ఒకటి, మధ్యలో ప్రతి 10 శాంపిళ్ళకి ఒకటి చొప్పున స్టెరైల్ నీళ్ళు 100 మి.లీ. వడగట్టి బ్లాంక్ ప్లేటు పెట్టండి. మీ 9 కాలనీల ప్లేటు ముందరి బ్లాంక్‌లో ఒక్క కాలనీ వచ్చినా, 9ని నమ్మే హక్కు పోయినట్టే.

ట్యూబుల వైపు తప్పులు వేరే రకం. ఎక్కువగా జరిగేది బలం తప్పు. 10 మి.లీ. శాంపిల్ పోసే ట్యూబుల్లో మీడియం రెట్టింపు బలంతో ఉండాలి. లారిల్ ట్రిప్టోస్ మామూలు బలం లీటరుకి 35.6 గ్రాములు, రెట్టింపు 71.2. రెట్టింపు బలం 10 మి.లీ.కి శాంపిల్ 10 మి.లీ. కలిస్తే మామూలు బలానికి వస్తుంది. మామూలు బలం ట్యూబుల్లో 10 మి.లీ. పోస్తే మీడియం సగానికి పలచబడి, గ్యాస్ ఆలస్యమో అసలు రాకపోవడమో జరుగుతుంది. 1 మి.లీ. ట్యూబుల్లో పాజిటివ్‌లు ఎక్కువగా, 10 మి.లీ. ట్యూబుల్లో తక్కువగా వస్తే, ఉదాహరణకి 1-4-0 లాంటి కోడ్ వస్తే, ముందు అనుమానించాల్సింది ఈ బలాల తారుమారునే. అలాంటి కోడ్ టేబుల్‌లో ఎందుకు లేదా అని వెతక్కండి, పరీక్ష మళ్ళీ పెట్టండి.

తర్వాతది డర్హాం ట్యూబు బుడగ. ఫ్రిజ్‌లో పెట్టిన బ్రాత్ ట్యూబులని తీసి నేరుగా శాంపిల్ పోసి ఇంక్యుబేటర్‌లో పెడితే, చల్లని ద్రవంలో కరిగి ఉన్న గాలి వేడికి బయటికొచ్చి డర్హాం ట్యూబు పైన చిన్న బుడగలా చేరుతుంది. మర్నాడు అది పాజిటివ్‌లా కనిపిస్తుంది. ముందురోజు రాత్రే ట్యూబులని ఫ్రిజ్ బయట పెట్టి, ఉదయం బుడగ ఉన్నవి పక్కన పడేయండి. బుడగ ఉండి ద్రవం తేటగానే ఉంటే అది గాలి. ద్రవం మబ్బుపట్టి, బుడగ సన్నగా ఉండి, కాస్త తట్టగానే నురగలా చిన్న బుడగలు పైకి లేస్తే అది గ్యాస్. ఆటోక్లేవు 121 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు, అంతే. ప్రెజర్ పూర్తిగా దిగకముందే మూత తెరిస్తే డర్హాం ట్యూబుల్లో గాలి చేరిపోతుంది. ఎక్కువసేపు ఉడికిస్తే లాక్టోజ్ విరిగి మిగతావాటికి తిండి అవుతుంది.

44.5 డిగ్రీల పరీక్షలో ఒక్క మాట. అక్కడ అటూ ఇటూ 0.2 డిగ్రీలకి మించి తేడా ఉండకూడదు. మామూలు ఇంక్యుబేటర్‌లో తలుపు తీసిన ప్రతిసారీ అంతకంటే ఎక్కువే ఊగుతుంది. అందుకే మూత ఉన్న, నీళ్ళు తిరిగే వాటర్ బాత్ కావాలి. నీటిమట్టం ట్యూబులోని బ్రాత్ మట్టం కంటే పైన ఉండాలి. 43కి జారితే మట్టి నుంచి వచ్చే క్లెబ్సియెల్లా, ఎంటరోబాక్టర్‌లు గ్యాస్ ఇచ్చేస్తాయి, 45.5కి ఎక్కితే కొన్ని ఈ.కోలైలే గ్యాస్ ఇవ్వకపోవచ్చు. దీన్ని పట్టుకోవడం తేలిక. ప్రతి బ్యాచ్‌లో ఒక ట్యూబులో తెలిసిన ఈ.కోలై, ఇంకో ట్యూబులో క్లెబ్సియెల్లా ఏరోజెనిస్ పెట్టండి. పాత సీసాల మీద దీని పేరు ఎంటరోబాక్టర్ ఏరోజెనిస్ అని ఉంటుంది. మొదటిది గ్యాస్ ఇవ్వాలి, రెండోది ఇవ్వకూడదు. ఈసీలో పాజిటివ్ వచ్చాక ట్రిప్టోన్ నీళ్ళలో 44.5 దగ్గరే పెంచి కోవాక్స్ రీఏజెంట్ వేసి ఎర్ర ఉంగరం చూస్తే, దాన్ని ఈ.కోలై అని రాయడానికి ఇంకా గట్టి ఆధారం దొరుకుతుంది. మెంబ్రేన్ వైపునుంచి రావాలంటే, ఎం-ఎండో మీద పెరిగిన ఫిల్టర్‌నే ఎత్తి ఎంయూజీ కలిపిన న్యూట్రియెంట్ అగర్ మీద పరచి 35 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచి, అల్ట్రావయొలెట్ దీపం కింద చూడొచ్చు. ఏ మెరుపు కాలనీ చుట్టూ నీలి కాంతి వస్తే అది ఈ.కోలై. మీ 9లో ఎన్ని అవో అదే రోజు తెలిసిపోతుంది. కాలనీలని సూదితో ఎత్తే పని మాత్రం ఈ మార్పిడికి ముందే ముగించండి.

ఇప్పుడు 55.5 దగ్గరికి వద్దాం. ఐదు, ఐదు, ఐదు ట్యూబుల పద్ధతిలో మీరు నిజంగా పరీక్షించింది 55.5 మి.లీ. మాత్రమే. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 అడిగేది 100 మి.లీ.లో కనబడకూడదని. రేపు ఈ ట్యాంకుని శుభ్రం చేశాక మళ్ళీ పరీక్షలో 0-0-0 వస్తుంది. దాన్ని "కోలిఫాం 0" అని రాసే రిపోర్టులు చాలా ఉన్నాయి. అది తప్పు. రాయాల్సింది "100 మి.లీ.కి 1.8 కంటే తక్కువ" అని. నీళ్ళలో 100 మి.లీ.కి నిజంగా 2 ఉన్నా, 55.5 మి.లీ.లోకి సగటున 1.1 పడతాయి. ఒక్కటి కూడా పడకుండా అన్ని ట్యూబులూ ఖాళీగా మిగిలే అవకాశం మూడింట ఒక వంతు. 100 మి.లీ. మొత్తాన్ని ఒకే ఫిల్టర్ మీద వడగడితే ఆ అవకాశం 14 శాతానికి తగ్గుతుంది.

అందుకని క్లోరిన్ కలిపిన, తేటగా ఉన్న తాగునీటికి మెంబ్రేన్ పెట్టండి, లేదా ట్యూబులే అయితే 10 మి.లీ. చొప్పున 10 ట్యూబులు పెట్టండి. అప్పుడు మొత్తం 100 మి.లీ. అవుతుంది. ఒక్క ట్యూబు పాజిటివ్ అయితే 1.1, రెండైతే 2.2, ఐదైతే 6.9, తొమ్మిదైతే 23. పదీ పాజిటివ్ అయితే "23 కంటే ఎక్కువ" అని తప్ప ఇంకేం చెప్పలేం. మూడు పలచనల ఐదు ట్యూబుల పద్ధతిని చెరువు నీళ్ళకీ, క్లోరిన్ లేని బావి నీళ్ళకీ, ఎక్కువ కాలుష్యం ఉందని అనుమానం ఉన్న చోటికీ ఉంచుకోండి.

ల్యాబ్‌లో ఎంత జాగ్రత్తగా ఉన్నా సీసాలోనే లెక్క చెడిపోయి ఉండొచ్చు, మీ శాంపిల్ విషయంలో ఇది తప్పకుండా చూడాలి. 120 మి.లీ. సీసాకి 3 శాతం సోడియం థయోసల్ఫేట్ 0.1 మి.లీ. వేసి ఆటోక్లేవు చేస్తే లీటరుకి 5 మి.గ్రా. దాకా క్లోరిన్‌ని అణిచేస్తుంది. 250 మి.లీ. సీసాకి 0.2 మి.లీ. వేయండి. అది లేని సీసాలో ఊరి నుంచి ల్యాబ్ దాకా ప్రయాణమంతా క్లోరిన్ తన పని చేసుకుంటూ పోతుంది, మీరు పరీక్షించేవి కుళాయిలో పడిన నీళ్ళు కావు. థయోసల్ఫేట్ ఉన్న సీసాని అదే నీళ్ళతో కడగకూడదు, అలా చేస్తే మందంతా కారిపోతుంది. కుళాయికి జాలీ ఉంటే తీసి, మూతిని కాల్చిగానీ హైపోక్లోరైట్‌తో తుడిచిగానీ, 2, 3 నిమిషాలు నీళ్ళు వదిలి, సీసా పైన కాస్త ఖాళీ ఉంచి పట్టాలి. ఆ ఖాళీ లేకపోతే ల్యాబ్‌లో బాగా కుదపడం కుదరదు. కుదపని సీసాలో ముద్దలుగా ఉన్న బాక్టీరియా ఒక పరీక్షకి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ పడతాయి. మీ 22, 9 తేడాలో కొంత ఇక్కడిదే కావచ్చు. శాంపిల్ మంచు పెట్టెలో రావాలి, 24 గంటలలోపు ఫిల్టర్ మీదికో ట్యూబుల్లోకో చేరాలి, 6 గంటలలోపైతే ఇంకా మంచిది. రెండు పరీక్షలూ ఒకే పూట పెట్టారో లేదో కూడా రిజిస్టర్‌లో చూడండి.

శాంపిల్ పట్టినచోటే మిగులు క్లోరిన్ ఎంతుందో రాసి పంపమని చెప్పండి. ఆ ఒక్క అంకె లేకపోతే మిగతావాటికి అర్థం చెప్పడం కష్టం. ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మి.గ్రా. ఉండాలి. మీ శాంపిల్‌లో అది 0 గా ఉంటే కథ సులువు, క్లోరిన్ అయిపోయిన నీళ్ళలో కోలిఫాంలు ఉన్నాయి. 0.5 ఉండి కూడా కోలిఫాంలు వస్తే, కుళాయి మూతి, పట్టిన వ్యక్తి చేయి, లేదంటే ట్యాంకు అడుగు బురదలో క్లోరిన్‌కి అందకుండా దాక్కున్నవి, వీటిని ఈ వరసలోనే అనుమానించండి.

గ్రామాల్లో, మలంతో కలుషితమైన నీళ్ళు పోస్తే నల్లబడే హెచ్‌టూఎస్ సీసా నల్లబడింది కదా, ఇంక మళ్ళీ పరీక్ష ఎందుకు అని అడుగుతారు. 1982లో మన దేశంలోనే రూపుదిద్దుకున్న ఆ పరీక్ష ఊళ్ళో హెచ్చరికగా చాలా పనికొస్తుంది, కానీ అది ఉందో లేదో మాత్రమే చెబుతుంది, ఎంతో చెప్పదు. సహజంగానే సల్ఫైడ్ ఉన్న బోరు నీళ్ళు కోలిఫాం లేకపోయినా దాన్ని నల్లబరుస్తాయి.

ఇక మీ రిపోర్టు. పై ఉదాహరణలాగే తేలితే నేను రాసేది ఇది. టోటల్ కోలిఫాం, నిర్ధారించినది, మెంబ్రేన్ పద్ధతి, 100 మి.లీ.కి 7. 44.5 డిగ్రీలని తట్టుకునే కోలిఫాం, ఎంపీఎన్ పద్ధతి, 100 మి.లీ.కి 2. ఇండోల్ కూడా పాజిటివ్ అయితే దాన్నే ఈ.కోలై అని రాస్తాను. పద్ధతి పేరు లేకుండా అంకె రాయకండి, రెండు పద్ధతుల అంకెలకి సగటు తీయకండి. 22ని ప్రిజంప్టివ్‌గా వర్క్‌షీట్‌లోనే ఉంచండి, రిపోర్టులోకి తేవద్దు.

తీర్పు ఈ 2 మీదే ఆధారపడుతుంది. అది 2 అయినా 20 అయినా నీళ్ళు తాగడానికి పనికిరావు. ఫలితం కాగితం మీద చేరేదాకా ఆగకుండా, ఈసీ ట్యూబులో గ్యాస్ చూసిన రోజే ఊరికి ఫోన్ చేసి, నీళ్ళు కాచి తాగమనీ క్లోరిన్ పెంచమనీ చెప్పాలి. ఈసీలో ఒక్కటీ రాక టోటల్ కోలిఫాం 7 మాత్రమే మిగిలితే సంగతి వేరు. శుద్ధి చేయని గ్రామీణ నీటి వనరులకి టోటల్ కోలిఫాం మంచి కొలమానం కాదని, ఉష్ణమండలంలో మలంతో సంబంధం లేని బాక్టీరియా వాటిలో ఎలాగూ ఉంటాయని ఐఎస్ 10500 తానే చెబుతుంది. కానీ మీవి క్లోరిన్ కలిపి సరఫరాలోకి వదిలిన నీళ్ళు. వీటిలో టోటల్ కోలిఫాం కూడా కనబడకూడదు. అప్పుడు కనీసం చేయాల్సింది మళ్ళీ శాంపిల్ తేవడం. ఈసారి ఒకచోట కాదు, మూడు చోట్ల పట్టించండి. బోరు దగ్గర క్లోరిన్ కలవకముందు ఒకటి, ట్యాంకు దిగే పైపు దగ్గర ఒకటి, లైను చివరి ఇంటి కుళాయి దగ్గర ఒకటి. మూడూ 100 మి.లీ. మెంబ్రేన్ మీద పెట్టండి. బోరులో లేకుండా ట్యాంకు దగ్గర వస్తే మూతనీ అడుగు బురదనీ చూడాలి. ట్యాంకు దగ్గర లేకుండా చివరి కుళాయిలో వస్తే పైపులో లీకు ఉండి, పక్క కాలువ నీళ్ళు లోపలికి లాగుతున్నాయని అర్థం. నీళ్ళు వదలని గంటల్లో పైపు ఖాళీ అయినప్పుడు అలా లాగుతుంది కాబట్టి, ఆ చివరి శాంపిల్‌ని నీళ్ళు వదిలిన మొదటి పది నిమిషాల్లోనే పట్టమని చెప్పండి.